ఖరగపూరు నుంచి వచ్చిన ఉత్తరం

ముప్ఫయ్యేళ్ళు బడిపిల్లలకు ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాడికి ఊళ్ళో ఒక చిక్కు వచ్చి పడుతుంది. ఎవరింట్లో ఇంగ్లీషు కాగితం వచ్చినా, ఎవరు ఇంగ్లీషులో జవాబు పంపాలన్నా, ‘మాస్టారున్నారుగా’ అంటారు. మాది టెక్కలి. కాశీబుగ్గలోని జీడిపప్పు బట్టీల వాళ్ళు ఇద్దరు ముగ్గురు నా దగ్గర ఒకనాడు చదువుకున్నవాళ్ళే. అంచేత వారానికో రోజు బస్సెక్కి ముప్పావుగంట ప్రయాణం చేసి, వాళ్ళ కాగితాలు చూసి, ఒక టీ తాగి వస్తుంటాను. డబ్బు కోసం కాదు. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ బియ్యంలో రాళ్ళేరమంటుంది.

ఈ సంగతి 2019 సెప్టెంబరులో జరిగింది. అప్పుడు నేను వెళుతూ వచ్చిన బట్టీకి యజమాని ముప్ఫయ్యేళ్ళ కుర్రవాడు. తండ్రి పోయి రెండేళ్ళయింది. ఈ అబ్బాయి చిన్నప్పటినుంచీ హైదరాబాదు హాస్టళ్ళలో ఇంగ్లీషు మీడియం చదివినవాడు. అచ్చు తెలుగు కూడబలుక్కుంటూ చదువుతాడు గాని, చేతివ్రాత చదవలేడు. అందులోనూ పాతకాలపు వర్తకుల గొలుసుకట్టు వ్రాత వాడికి ఒరియా లాగే కనిపిస్తుంది.

నేను గుమ్మం ఎక్కేసరికి అబ్బాయి ముఖం ఎర్రగా ఉంది.

“మాస్టారూ, వచ్చారా! రండి. ఈ ముసలాయనకి ఘాటుగా ఒక జవాబు రాయాలి. ఇంగ్లీషులోనే కావాలట. అలాగే ఇద్దాం,” అన్నాడు.

ఉత్తరం ఖరగపూరు నుంచి వచ్చింది. ఖరగపూరులో మనవాళ్ళు ఎందరున్నారో చదువరులకు చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్కుషాపు పనులకు శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళిన కుటుంబాలు అక్కడే నిలిచిపోయాయి. ఈ పెద్దమనిషి ఆ కుటుంబాల్లో ఒకరు. అక్కడ మిఠాయి దుకాణాలకు జీడిపప్పు సరఫరా చేస్తారు. ఈ బట్టీతో ఆయన వ్యాపారం పాతికేళ్ళ నాటిది. ఆయన తెలుగులోనే వ్రాస్తారు. అయితే చివర ఒక మాట చేర్చారు: “మా కుమారునికి తెలుగు అక్షరములు రావు. కొట్టు లెక్కలు వాడు చూచుచున్నాడు గనుక జవాబు ఇంగ్లీషున వ్రాయించగలరు.”

అంటే ఈ జవాబు ఇంగ్లీషులో వెళుతుంది, కొడుకు చదువుతాడు, చదివి తండ్రికి తెలుగులో చెబుతాడు. ఆ చెప్పేటప్పుడు ఏ తెలుగు మాటలుగా మారుతుందో అదే అసలు ఉత్తరం. ఇది నాకు వెంటనే తట్టలేదు. రెండు చిత్తులు పాడు చేశాక తట్టింది.

అబ్బాయి కోపానికి కారణం ఉత్తరం కాదు, దాని తర్జుమా. ఆఫీసులో ఉన్న గుమాస్తా కుర్రవాడు తనకు వచ్చిన ఇంగ్లీషులో ఒక కాగితం మీద దించి ఇచ్చాడు. అందులో ‘మీ నాన్న ఉండగా ఇలా జరగలేదు, ఇదేనా మర్యాద, నువ్వు చిన్నవాడివి, నీకేం తెలియదు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ఉంది. మాటకు మాట పెట్టాడు పాపం. తప్పని ఒక్క మాటా చూపించలేం. కాని ఆ కాగితం చదివితే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది.

అసలు ఉత్తరం తెప్పించి నిదానంగా చదివాను.

“మహారాజశ్రీ... గారికి అనేక నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరు పంపిన 20 డబ్బాలు ఈ నెల 9వ తేదీన అందినవి. 6 డబ్బాలు విప్పి చూచితిమి. పప్పు మన ఉద్దానం పప్పు వలె లేదు. మూడు డబ్బాల నుండి కిలో చొప్పున తీసి లెక్కించగా 698, 742, 751 గుళ్ళు వచ్చినవి. కొరికిన పటుక్కుమనుట లేదు. మీ నాయనగారున్ననాడు ఇట్టిది జరుగలేదు. ఇదేనా నాయనా మర్యాద? నీవు చిన్నవాడవు, నీకు తెలియక జరిగియుండునని తలచుచున్నాను. పూజల రోజులు దగ్గరపడినవి. దయయుంచి తమరు ఏమి చేయగలరో వెంటనే తెలుపగోరెదను.”

ఇంగ్లీషులో ‘యు’ ఒక్కటే. మన తెలుగులో తమరు, మీరు, నీవు, నువ్వు అని మెట్లున్నాయి. ఆయన ‘తమరు’తో మొదలుపెట్టారు. నడుమ రెండు వాక్యాలు ‘నీవు’ అన్నారు. మళ్ళీ ‘తమరు’కు వెళ్ళారు. ఆ రెండు వాక్యాల్లో ఆయన దిగజార్చారా, దగ్గరకు తీశారా? అదే తేల్చుకోవలసింది.

దీనికి ఉత్తరంలోనే గుర్తులున్నాయి. కోపంతో మెట్టు దింపే మనిషి మళ్ళీ పైకి ఎక్కించడు. ‘నాయనా’ అనడు. తప్పించుకునే దారి తానే చూపించడు. ఈయన చూపించారు: ‘నీకు తెలియక జరిగియుండునని తలచుచున్నాను.’ నిజంగా తెగతెంపులకు సిద్ధపడ్డ వర్తకుడైతే ‘తమరు’ పోయి ఎండిపోయిన ‘మీరు’ వస్తుంది, నమస్కారాల స్థానంలో బిల్లు నంబరు వస్తుంది, వకీలు మాట వస్తుంది. ఇక్కడ అవేవీ లేవు. ఒళ్ళో ఆడించిన పిల్లవాడి మీద పెద్దాయనకు కలిగిన నొప్పి అది.

కనుక నా తర్జుమాలో ఆ చోట ‘వర్తకంలో ఇంకా కొత్తవారు గనుక ఈ సంగతి మీ దాకా రాలేదని అనుకుంటున్నాను’ అనే ధోరణిలో ఇంగ్లీషు పెట్టి, మార్జినులో ఒక ముక్క వ్రాశాను: ఇక్కడ కొడుకు వరసవాడిని పెద్దవాడు పిలిచే పిలుపు వాడారు, అవమానం కాదు. తర్జుమా చేసేవాడు మూలంలో లేని మాట కలపకూడదు నిజమే. కాని మూలంలో క్రియ చివరను ఉన్న మర్యాద ఇంగ్లీషులో పెట్టడానికి చోటు లేనప్పుడు, అది మార్జినులోనైనా కనిపించాలి. లేకపోతే సగం ఉత్తరం దారిలో పడిపోయినట్టే.

అబ్బాయి చదివి కాస్త చల్లబడ్డాడు. “అయితే తిట్టలేదంటారా?” అన్నాడు.

“తిట్టలేదు. కాని వదిలిపెట్టనూ లేదు. ఈ అంకెలు చూడు,” అన్నాను.

ఇంతవరకు నేనేదో ఘనకార్యం చేసినట్టు చెప్పుకొచ్చాను. నా పొరపాటు కూడా చెప్పాలి. ‘పప్పు మన ఉద్దానం పప్పు వలె లేదు’ అన్న వాక్యాన్ని నేను ‘నాణ్యం తృప్తిగా లేదు’ అనే అర్థంలో మెత్తగా దించేశాను. మర్యాద చేస్తున్నాననుకున్నాను. అబ్బాయి దాన్ని చదివి నాణ్యం గురించే మాట్లాడుతున్నాడు. లోపల పప్పు ఏరే ఆడవాళ్ళకు మేస్త్రీగా ఉన్న పెద్దావిడ ఏదో పనిమీద వచ్చి, మా మాటలు విని, “నాణ్యం కాదు బాబూ, ఆయన అడిగింది ఊరు,” అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన రుచి బాగాలేదనలేదు. ఇది ఉద్దానం గింజ కాదంటున్నారు. రెండూ వేరు ఫిర్యాదులు. నొప్పిని తగిన పాళ్ళలో చెప్పడం తర్జుమా చేసేవాడి పని. ఫిర్యాదును మెత్తబరచడం వాడి పని కాదు. అంకె, తేదీ, ఊరు, సరుకు పేరు ఎలా ఉన్నవి అలాగే దిగాలి.

“ఏమోయ్, ఆ పప్పు ఎక్కడిది?” అని అడిగాను.

అబ్బాయి కొంచెంసేపు మాట్లాడలేదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఆ ఒక్క రాత్రిలో ఉద్దానం ఎలా అయిందో చూసినవాళ్ళకు గుర్తుంటుంది. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి వైపు కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయి. జీడితోటలు కూకటివేళ్ళతో లేచిపోయాయి. కొత్త జీడిమొక్క నాలుగేళ్ళకు గాని చెప్పుకోదగ్గ కాపు కాయదు. మరుసటి వేసవిలో రైతులు తెచ్చే 80 కిలోల పిక్కల బస్తాలు చాలా పలచబడ్డాయి. బట్టీలు ఆగితే కూలివాళ్ళకు పని లేదు. పరదేశపు పిక్కలు కొని ఆడించడం మన దేశంలో జీడిబట్టీలకు కొత్తేమీ కాదు. ఈ అబ్బాయి కూడా ఆ యేడు ఆఫ్రికా పిక్కలు కొన్నాడు. ఉడకబెట్టి, కత్తుల కింద కొట్టి, ఆరబెట్టి, పొట్టు తీసి, ఏరి, డబ్బాల్లో పోశారు. అదీ ఇదీ కలిసింది. బిల్లులో ఎప్పటిలాగే ‘పలాస జీడిపప్పు’ అని ఉంది.

“పలాసలో కొట్టాం. పలాసలో ఏరాం. పలాస పప్పే కదా మాస్టారూ?” అన్నాడు.

మాట కాదనలేం. కాని ఖరగపూరాయన పాతికేళ్ళుగా కొన్నది ‘పలాసలో కొట్టిన పప్పు’ కాదు. ఆయన మనసులో అది ఉద్దానం ఇసుకలో కాసిన పిక్క. ఇద్దరూ ఒక్కమాటే అంటూ రెండు వస్తువులను తలచుకుంటున్నారు. జవాబులో ఈ సంగతి దాటవేస్తే ఎంత మర్యాదైన ఇంగ్లీషు వ్రాసినా అది మర్యాద కాదు.

ఇక లెక్క. ఈ వర్తకంలో 320 అన్న మాటకు అర్థం, ఒక పౌనుకు గుళ్ళు 320కి మించకూడదని. 300 నుంచి 320 దాకా ఆ మెట్టు. పౌను 453.6 గ్రాములు గనుక కిలోకు 705 పైబడకూడదు. ఆయన మొదటి డబ్బా 698, అది సరైనదే. రెండోది 742, అంటే పౌనుకు 336 పైచిలుకు. మూడోది 751, పౌనుకు 340 దాటింది. గుళ్ళు చిన్నవైతే లెక్క పెరుగుతుంది. కింది మెట్టు గుళ్ళు కొద్దిగా, నూటికి 5 పాళ్ళ వరకు, కలిసినా వర్తకులు ఓర్చుకుంటారు. ఆ కాస్త కలపడం వల్ల లెక్క ఇంత దూరం పోదు. పొరపాటు బట్టీదే. అబ్బాయి తన దగ్గర అదే రోజు పోసిన డబ్బా ఒకటి విప్పించి లెక్క పెట్టించాడు. 739 వచ్చింది. ఇక వాదన లేదు.

ఇప్పుడు జవాబు.

మొదటి చిత్తు నేను చెయ్యి తిరిగిన ధోరణిలో వ్రాసేశాను. ‘డియర్ సర్, విత్ రెఫరెన్స్ టు యువర్ లెటర్...’ అని మొదలై, ‘వి రిగ్రెట్ ద ఇన్‌కన్వీనియన్స్ కాజ్డ్’ అని ముగిసింది. వ్యాకరణం బాగుంది. ఎందుకో అనుమానం వచ్చి, ఖరగపూరు కుర్రవాడు దీన్ని తండ్రికి ఎలా చెబుతాడా అని పైకి తెలుగులో అనుకున్నాను. ‘మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము.’ సరిగ్గా అప్పుడే పలాస స్టేషను మైకులోంచి అదే వాక్యం వినిపించినట్టయింది! బండి నాలుగు గంటలు ఆలస్యమైనప్పుడు వాళ్ళనేది అదే కదా. పాతికేళ్ళ స్నేహితుడితో ప్లాట్‌ఫారం మీద మాట్లాడినట్టు మాట్లాడతామా? చింపేశాను.

రెండో చిత్తు అటు చివరకు పోయింది. ఆయన ‘మహారాజశ్రీ’ అన్నారు గనుక నేనూ దీటుగా ‘మోస్ట్ ఎస్టీమ్డ్ అండ్ రెవర్డ్ సర్’ అన్నాను. ‘హంబ్లీ బెగ్’ అన్నాను. మళ్ళీ తెలుగులో చెప్పుకు చూశాను. ముష్టివాడి అర్జీలా ఉంది. ‘మహారాజశ్రీ’ అన్నది తెలుగు ఉత్తరంలో పొగడ్త కాదు. గుమ్మంలో చెప్పులు విడిచినంత మామూలు ఆచారం. ఇంగ్లీషులో దానికి దీటైనది ఆ రాజుగారి మాట కాదు, ‘రెస్పెక్టెడ్ సర్’. దొరలు అలా వ్రాయరని నాకు తెలుసు. పిల్లలకు ముప్ఫయ్యేళ్ళు అది తప్పని చెప్పినవాణ్ణి నేనే. కాని ఈ ఉత్తరం దొరకు వెళ్ళడం లేదు, ఖరగపూరు వెళుతోంది. అక్కడ ఆ మాటకు ‘పూజ్యులైన’ అన్న అర్థం పలుకుతుంది. పేరు తర్వాత ‘గారు’ను కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచాను.

అయినా ఆ నడిమి రెండు వాక్యాల సంగతి తేలలేదు. ఆయన ‘తమరు’ నుంచి ‘నీవు’కు దిగి వచ్చిన చోటికి మేమూ ఒక మెట్టు దిగాలి కదా. ‘యు’ను మార్చడానికి లేదు. చాలాసేపు పెన్ను కొరుకుతూ కూర్చున్నాను. చివరకు తోచిందేమంటే, ఇంగ్లీషులో ‘యు’ ఒక్కటేగాని, మన వైపు మాటలు రెండున్నాయి: ‘వి’, ‘ఐ’. వర్తకపు ఉత్తరమంతా ‘వి’ మీద నడుస్తుంది. సంస్థ మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఒక్క పేరాలో ‘ఐ’ అంటే, బల్ల వెనుక నుంచి లేచి ఎదుటికి వచ్చినట్టే.

మూడో చిత్తు ఆ ప్రకారం కట్టాను. ఉత్తరం అందిందని, మిగతావారికి చెప్పకముందు మాకు వ్రాసినందుకు కృతజ్ఞతలని మొదటి మాట. వెంటనే అంకెలు: మీ మూడు లెక్కలు ఇవి, 320కి కిలోకు 705 హద్దు, మా దగ్గరి డబ్బాలో 739 వచ్చింది, మీ లెక్క సరైనది. ఇక్కడ విశేషణాలు ఏమీ వెయ్యలేదు. ఒప్పుకునేచోట అలంకారం పెడితే ఒప్పుకోలు పలచబడుతుంది. తర్వాత పరిహారం. విప్పని 14 డబ్బాలు మా ఖర్చు మీద వెనక్కి తీసుకుంటాం, లేదా 200 కిలోలకూ కిలోకు 40 రూపాయల తేడా చొప్పున 8,000 తగ్గిస్తాం. ఏది మంచిదో మీ చిత్తం. ‘మీ చిత్తం’ అన్నదానికి ‘వి లీవ్ ఇట్ టు యు’ అని మొదట వ్రాసి, అది చేతులు దులుపుకున్నట్టుందని, ‘మీరు ఎంచుకున్నదే మేము చేస్తాం’ అనే వాక్యంగా మార్చాను.

పప్పు మెత్తబడిన సంగతి మాత్రం జాగ్రత్తగా నడపవలసి వచ్చింది. పప్పులో తేమ నూటికి 5 మించకూడదు. బట్టీలోనే మించిందా, వానాకాలంలో డబ్బా విప్పాక గాలికి మెత్తబడిందా, ఇక్కడ కూర్చుని చెప్పలేం. మన తప్పు కాదనుకున్నది ఒప్పుకోకూడదు, పెద్దాయనను తప్పుపట్టనూ కూడదు. ‘మీరు విప్పి ఉంచారు’ అంటే వేలు చూపినట్టే. ఇంగ్లీషులో కర్తను దాచే వాక్యాన్ని నేను సాధారణంగా మెచ్చను. కాని ఇక్కడ అది ‘తమరు’ చేసే పనే చేసింది: ‘ఈ రోజుల్లో డబ్బా ఒకసారి విప్పబడితే పప్పు తేమ పీలుస్తుంది. మూత విప్పనిది ఒకటి పంపితే తూచి పరీక్షించి ఫలితం ఉన్నదున్నట్టు వ్రాస్తాం.’ ఎవరు విప్పారన్న మాట లేదు.

ఇక ‘ఐ’ పేరా. అది నేను వ్రాయలేదు. అబ్బాయిని కూర్చోబెట్టి, “ఆయన ఎదురుగా ఉంటే ఏం చెబుతావో తెలుగులో చెప్పు,” అన్నాను. వాడు చాలాసేపు కిటికీలోంచి బయటకు చూసి, తడుముకుంటూ, “తుపానుకు మన తోటలు పోయాయి బాబాయిగారూ. బయటి పిక్కలు కొన్నాను. పంపేముందు మీకు చెప్పాల్సింది. చెప్పలేదు. నాన్నగారైతే చెప్పేవారు,” అన్నాడు.

ఆ నాలుగు ముక్కలనే ‘ఐ’తో ఇంగ్లీషు చేశాను. ‘ఐ షుడ్ హావ్ టోల్డ్ యు బిఫోర్ సెండింగ్ ఇట్. ఐ డిడ్ నాట్.’ అంతే. ‘డిడ్ నాట్’ను కుదించి వ్రాయలేదు. కుదిస్తే కబుర్ల ధోరణి వస్తుంది. ‘బాబాయిగారూ’ను ఏం చెయ్యాలో తెలియక వదిలేశాను. తర్వాత పేరా ‘కైండ్లీ’తో మళ్ళీ ‘వి’కి ఎక్కింది. కింద ‘ఫర్ అండ్ ఆన్ బిహాఫ్ ఆఫ్’ అన్న ముద్ర వెయ్యబోతున్న గుమాస్తాను ఆపి, అబ్బాయి చేత తన పేరే వ్రాయించాను.

ఒక పేజీ మీద నాలుగు లైన్లు. టైపు చేయించి, మళ్ళీ ఒకసారి తెలుగులో పైకి చదివాను. మేస్త్రీ ఆవిడ గుమ్మంలో నిలబడి విని, “ఇప్పుడు ఊరు వచ్చింది,” అని లోపలికి పోయింది.

పన్నెండు రోజులకు జవాబు వచ్చింది. తెలుగులోనే, అదే గొలుసుకట్టు. 14 డబ్బాలూ ఉంచుకున్నారు. పూజలకు వేరే సరుకు తెచ్చే వ్యవధి లేదన్నారు. తేడా 8,000 వద్దని, 6,000 చాలునని వ్రాశారు, సరిగ్గా ఉన్న డబ్బాలకు తగ్గింపు పుచ్చుకోవడం న్యాయం కాదట. మూత విప్పని డబ్బా ఒకటి లారీ మీద పంపారు. పరీక్షలో తేమ 5 కంటే తక్కువే ఉందని తేలింది, ఆ సంగతీ వ్రాసి పంపాం. ఇకమీదట ఏ దేశపు పిక్కో బిల్లు మీద వ్రాయవలెనని, ఉద్దానం పప్పు తిరిగి ఎప్పుడు వచ్చునో అప్పుడు ముందుగా తమకు తెలుపవలెనని అడిగారు.

ఆ ఉత్తరాన్నీ నేనే తర్జుమా చేశాను. అబ్బాయి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, ప్రతి వాక్యం దగ్గరా, “ఇక్కడ తమరా, నీవా?” అని అడుగుతూ వచ్చాడు. మొదటి నుంచి చివరిదాకా ‘తమరు’ ఒక్కటీ లేదు.